వెయ్యి ముక్కల పజిల్ అమ్మే ముందు: పెట్టె మీది అంకెతో లెక్క తేలదు

"మా పిల్లలిద్దరూ చదువులకు బయటికి వెళ్ళిపోయారు. ఇంట్లో ఒక 1000 ముక్కల జిగ్సా పజిల్, ఒక స్క్రాబుల్ మిగిలాయి. తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే 'ముక్కలన్నీ ఉన్నాయా, ఎంతమంది ఆడొచ్చు' అని అడుగుతున్నారు. పజిల్ మొత్తం పేర్చే తీరిక నాకు లేదు. లెక్కపెడితే చాలా? తూకం వేస్తే తెలుస్తుందా? ప్రకటనలో ఏం రాయాలి?"

ఊరికే లెక్కపెడితే చాలదండీ. ఎందుకు చాలదో నాకు జరిగిందే చెప్తాను.

నేనూ తిరుపతిలోనే ఉంటాను. పాత బోర్డు గేములు, పజిళ్ళు కొని, తుడిచి, సరిచూసి అమ్మడం చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. మొదట్లో ఒకసారి బైరాగిపట్టెడలో ఒకరింటి నుంచి కొండలూ సరస్సూ ఉన్న 1000 ముక్కల పజిల్ తెచ్చుకున్నాను. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కో ముక్కా లెక్కపెడితే 1019 తేలాయి. వెయ్యికి పైనే ఉన్నాయి కదా అన్న ధీమాతో "ముక్కలన్నీ ఉన్నాయి, 19 ఎక్కువే ఉన్నాయి" అని రాసి, చిత్తూరులో ఒకావిడకు పంపించాను. పది రోజులకు ఆవిడ ఫోటో పెట్టింది. బొమ్మ మొత్తం పేర్చి ఉంది, మధ్యలో ఏడు చోట్ల కింద పరిచిన దుప్పటి కనిపిస్తోంది. "ఎక్కువ ఉన్నాయన్నారు కదండీ, మరి ఇక్కడ పెట్టాల్సినవేవీ?" అని అడిగింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. డబ్బు వెనక్కి పంపేశాను గానీ, వారం రోజులు ఇంట్లో అందరూ కలిసి పేర్చిన వాళ్ళ కష్టాన్ని నేను వెనక్కి ఇవ్వలేను కదా. పజిల్ విషయంలో నేను ఇంత పట్టుగా ఉండడానికి కారణం అదే.

పొరపాటు నా లెక్కలో లేదు, పెట్టె మీది అంకెను నేను అర్థం చేసుకున్న తీరులో ఉంది. మామూలు జిగ్సా పజిల్‌ను అడ్డంగా కొన్ని వరుసలు, నిలువుగా కొన్ని వరుసలు వచ్చేలా కోస్తారు. కాబట్టి అసలు ముక్కల సంఖ్య ఎప్పుడూ రెండు అంకెల గుణకారమే. 40ని 25తో గుణిస్తే సరిగ్గా 1000 వస్తుంది, అలా కోసినవీ ఉన్నాయి. కానీ బొమ్మ పొడవు వెడల్పులకు తగ్గట్టు ముక్క దాదాపు చదరంగా రావాలంటే చాలా పెట్టెల్లో 38 వరుసలు, 27 వరుసలు కుదురుతాయి. ఆ లెక్కన ముక్కలు 1026. పెట్టె మీద మాత్రం గుండు అంకె 1000 అనే వేస్తారు. 500 ముక్కల పజిళ్ళలోనూ ఇంతే, 27, 19 వరుసల కోత చాలా మామూలు, అంటే 513 ముక్కలు. నా చేతికొచ్చింది 1026 ముక్కల పజిల్. నేను 19 ఎక్కువ అనుకున్నది నిజానికి 7 తక్కువ.

అందుకని ముందు తెలుసుకోవాల్సింది మీ దగ్గర ఎన్ని ముక్కలు ఉన్నాయని కాదు, ఆ పజిల్‌కు ఎన్ని ఉండాలని. దీనికి బొమ్మ మొత్తం పేర్చనక్కర్లేదు, నాలుగు అంచులు పేర్చితే చాలు. మీకు తీరిక లేదన్నారు కాబట్టి ఈ దారే చెప్తాను. ఒక ఆదివారం పూట కూర్చుంటే అయిపోతుంది.

ఫ్యాను ఆపి, నేల మీద ముదురు రంగు దుప్పటి ఒకటి పరిచి పెట్టె గుమ్మరించండి. మొదట ముక్కలన్నిటినీ బోర్లా తిప్పి వెనకవైపు చూడండి. ఒకే పజిల్ ముక్కలకు వెనక అట్ట రంగు ఒకటే ఉంటుంది, మందమూ ఒకటే. బూడిద రంగు ముక్కల మధ్య తెల్లదో నీలిదో కనిపిస్తే అది ఇంకో పెట్టెలోంచి వచ్చిపడింది. దాన్ని పక్కన పెట్టేయండి. ఈ పని ముందే చేయమనడానికి కారణం ఉంది. పరాయి ముక్క ఒకటి ఉండి, అసలు ముక్క ఒకటి పోయి ఉంటే లెక్క చక్కగా సరిపోతుంది, బొమ్మలో మాత్రం బొక్క పడుతుంది. పిల్లలున్న ఇళ్ళలో రెండు మూడు పజిళ్ళు ఉంటే ఇది తరచూ జరుగుతుంది. పోయిందనుకున్న ముక్క పక్క పెట్టెలో దొరకడమూ అంతే తరచుగా జరుగుతుంది, కాబట్టి మీ ఇంట్లో ఇంకో పజిల్ ఉంటే అదీ ఒకసారి తిరగేయండి. ఇదే అదునుగా, కోత సరిగ్గా తెగక రెండేసి అతుక్కుని ఉన్న ముక్కల్ని కూడా మెల్లగా విడదీయండి. అవి ఒకటిగా లెక్కలోకి వస్తే తప్పుడు కొరత చూపిస్తాయి.

తర్వాత ఒక పక్క తిన్నగా ఉన్న ముక్కలన్నిటినీ ఏరండి. ఏరినవి ఎన్ని అని లెక్కపెట్టి ఆగిపోకండి, ఇక్కడ ఒక చిత్రమైన చిక్కు ఉంది. 38, 27 వరుసల పజిల్‌కు అంచు ముక్కలు 126. 40, 25 వరుసల పజిల్‌కూ 126 ముక్కలే. రెండు జతల మొత్తమూ 65 కావడం వల్ల అలా వస్తుంది. అంచు ముక్కలు 126 ఉన్నాయని తెలిసినంత మాత్రాన మీది 1000 ముక్కలదో 1026 ముక్కలదో తేలదు. పెట్టె మీది బొమ్మ చూసుకుంటూ ఆ నాలుగు అంచుల్నీ చట్రంలా పేర్చాల్సిందే. చట్రం పేర్చాక పై అంచులో ఎన్ని ముక్కలు, కింది అంచులో ఎన్ని, ఎడమ కుడి అంచుల్లో ఎన్ని అని మూల ముక్కల్ని కూడా కలుపుకుని లెక్కపెట్టండి. ఎదురెదురు అంచులు సమానంగా రావాలి. పైన 38, కింద 37 వచ్చిందంటే కింద ఒకటి లేదు, లేదా ఎక్కడో పక్కపక్కన ఉండకూడని రెండు ముక్కలు బలవంతంగా కూర్చున్నాయి. ఆకాశం, నీళ్ళు ఉన్న చోట ఇలా తప్పుగా కూర్చోవడం మామూలే. వేలితో తడిమితే అతుకు దగ్గర చిన్న ఎగుడుదిగుడు తెలుస్తుంది.

చట్రం కుదిరితే అసలు అంకె మీ చేతిలో ఉన్నట్టే. నా పాత పజిల్‌నే తీసుకుంటే, పొడవున 38, వెడల్పున 27. రెండు పక్కలా అంచులు తీసేస్తే లోపల 36, 25 వరుసలు మిగులుతాయి, అంటే లోపలి ముక్కలు సరిగ్గా 900. ఇంట్లో స్టీలు పళ్ళేలు తొమ్మిది తీసి, పళ్ళేనికి పదేసి ముక్కల కుప్పలు పది చొప్పున పెట్టుకుంటూ పోతే తొమ్మిది పళ్ళేలూ నిండాలి. నాకు చివరి పళ్ళెంలో 93 దగ్గర ఆగిపోయి ఉండేది. ఏడు తక్కువని అప్పుడే తెలిసేది. అదే మీ చట్రం 40, 25 అయితే లోపల 38, 23 వరుసలు, 874 ముక్కలు ఉండాలి.

ఒకటి రెండు ముక్కల తేడా వచ్చినప్పుడు మాత్రం పజిల్‌ను అనుమానించే ముందు మన లెక్కను అనుమానించాలి. నేనైతే ఇంకొకరిని కూర్చోబెట్టి ఒక్కో పళ్ళెం మళ్ళీ లెక్క పెట్టిస్తాను. వందకు వందా మళ్ళీ రాని పళ్ళెం ఏదో దొరుకుతుంది. అప్పటికీ తేడా ఉంటే సోఫా సందులూ, పెట్టె అడుగున మడత అట్టల మధ్యా, పిల్లల పెన్సిలు డబ్బాల్లో వెతకాలి.

ఈ పద్ధతి పనికిరాని పజిళ్ళు కూడా ఉన్నాయి. గుండ్రటివి, ఏనుగు ఆకారంలోనో మ్యాపు ఆకారంలోనో ఉండేవి, ముక్కలు అడ్డదిడ్డంగా ఒక్కోటి ఒక్కో తీరుగా కోసినవి వరుసలుగా ఉండవు. గుణకారం కుదరదు. ఎలా గుర్తుపట్టాలంటే, ఎక్కడైనా నాలుగు ముక్కలు కలిపి చూడండి. నాలుగు మూలలూ ఒకే చుక్క దగ్గర కలిస్తే వరుసల కోత. కలవకపోతే పూర్తిగా పేర్చడం తప్ప వేరే దారి లేదు. పేర్చలేకపోతే "సరిచూడలేదు" అని రాయడమే న్యాయం.

తూకం సంగతి అడిగారు. అందరికీ వచ్చే ఆలోచనే అది. వంద ముక్కలు తూచి, మొత్తం తూచి, భాగిస్తే సరి అనిపిస్తుంది. ఉదాహరణకు వంద ముక్కలు 52 గ్రాములు, మొత్తం 530 గ్రాములు అనుకోండి, లెక్క 1019 అని చెప్తుంది. కానీ ముక్కలన్నీ ఒకే బరువు ఉండవు. నాలుగు పక్కలా బొడిపెలున్న ముక్క బరువు వేరు, నాలుగు పక్కలా నొక్కులున్న ముక్క బరువు వేరు. మీరు తీసిన ఆ వంద ముక్కలు సగటు మీద నూటికి ఒక పాలు బరువైనవి పడినా చాలు, వెయ్యి దగ్గరికి వచ్చేసరికి పది ముక్కల తేడా కొడుతుంది. బంగారం కొట్లో తూచి ఇచ్చినా ఈ తేడా పోదు, ఎందుకంటే అది కాటా లోపం కాదు. పెట్టె మీద ఎక్కడైనా బరువు వేసి ఉంటే దానితో పోల్చడం ఇంకా మోసం. అట్ట గాలిలోని తేమ పీల్చుకుంటుంది. మన తిరుపతిలో కార్తీకం వానల్లో తూచిన పజిల్, మే ఎండల్లో తూచిన పజిల్ ఒకటే బరువు చూపించవు. ఎవరింట్లోనైనా పాత పజిల్ కొనేటప్పుడు వంద, నూటయాభై ముక్కల కొరత ఉందేమో చూసుకోవడానికే నేను తూకం వాడతాను. ఏడు ముక్కల కొరత అది చెప్పలేదు. ఒక్క ముక్క కొరత అసలే చెప్పలేదు.

ఇక ప్రకటనలో మాట. "కంప్లీట్" అన్న ఒక్క మాట రాసి వదిలేయకండి, దాన్ని ఎలా తెలుసుకున్నారో కూడా రాయండి. బొమ్మ మొత్తం పేర్చి చూసిన పజిల్‌కు "పేర్చి చూశాం, ఖాళీలు లేవు" అని నెలా ఏడూ వేసి, పేర్చిన ఫోటో పెడతాను. చట్రం పేర్చి లెక్కతో సరిచూసిన దానికి "లెక్క సరిపోయింది, పూర్తిగా పేర్చలేదు" అంటాను. ఈ రెండూ ఒకటి కాదు. లెక్క సరిపోయినా, వెనక రంగు కూడా కలిసిపోయిన పరాయి ముక్క ఒకటి దాగి ఉండే అవకాశం కొంచెం మిగిలే ఉంటుంది, ఆ కొంచెం కొనేవాళ్ళకు తెలియాలి. మీది రెండో రకం అవుతుంది కాబట్టి ఇలా రాయొచ్చు:

"జిగ్సా పజిల్, పెట్టె మీద 1000 ముక్కలు. అంచులు పేర్చి చూస్తే 38 × 27, అంటే ఉండాల్సినవి 1026. లెక్కపెడితే 1026 ఉన్నాయి. వెనక రంగు చూసి పరాయి ముక్కలు లేవని నిర్ధారించుకున్నాం. బొమ్మ పూర్తిగా పేర్చలేదు. రెండు ముక్కలకు పైన కాగితం కొద్దిగా లేచింది, ఫోటో ఉంది. పెట్టె ఒక మూల చిరిగి టేపు వేసి ఉంది. తిరుపతిలో చేతికిస్తాం, బయటి ఊళ్ళకు కొరియర్."

కొరత తేలితే అంకెతో సహా రాయండి. "కొన్ని లేకపోవచ్చు" అంటే కొనేవాళ్ళు యాభై లేవేమో అనుకుంటారు. "లోపలివి 7 లేవు, అంచులన్నీ ఉన్నాయి" అంటే పేర్చే సరదా కోసం కొనేవాళ్ళు తక్కువ ధరకు సంతోషంగా తీసుకుంటారు. గోడకు పటం కట్టించుకోవాలనుకునేవాళ్ళు వదిలేస్తారు. ఇద్దరికీ మేలే. నా ఏడు ముక్కల పజిల్ కూడా చివరికి అలాగే ఒక హాస్టల్ పిల్లల గదికి చేరింది. తెలిసే కొనుక్కున్నారు.

పజిల్‌కు "ఎంతమంది ఆడొచ్చు" అన్న గడి ఉంటే 1 అని వేసి, కలిసి పేర్చొచ్చు అని వివరంలో రాయండి. అక్కడ పెద్ద అంకె వేస్తే ఆట అనుకుని కొంటారు.

స్క్రాబుల్ సంగతి వేరు. అక్కడ అంకె ఖాయం. ఇంగ్లీషు స్క్రాబుల్‌లో బిళ్ళలు 100, అందులో అక్షరాలవి 98, ఖాళీవి 2. ఇక్కడ కూడా వంద వచ్చిందని సంతోషించి ఆగకూడదు, అక్షరాల వారీగా పేర్చి చూడాలి. 'ఈ' బిళ్ళలు 12, 'ఏ', 'ఐ' తొమ్మిదేసి, 'ఓ' 8. 'ఎన్', 'ఆర్', 'టీ' ఆరేసి. 'ఎల్', 'ఎస్', 'యూ', 'డీ' నాలుగేసి. 'జీ' 3. 'కే', 'జే', 'ఎక్స్', 'క్యూ', 'జెడ్' ఒక్కొక్కటే. మిగిలిన తొమ్మిది అక్షరాలూ రెండేసి. ఒకసారి నాకు వచ్చిన పెట్టెలో బిళ్ళలు సరిగ్గా వంద ఉన్నాయి, కానీ 'ఈ' బిళ్ళలు 13, ఖాళీది ఒకటే. రెండు సెట్లు ఎప్పుడో కలిసిపోయాయన్నమాట. అరుదుగా వచ్చే అక్షరాలకే ఎక్కువ మార్కులు, ఖాళీ బిళ్ళతో ఏ అక్షరమైనా ఆడొచ్చు, కాబట్టి ఆడేవాళ్ళకు వీటి విలువ ఎక్కువ. వీటినే ముందు చూసుకోండి. మీ సెట్టు వేరే భాషదో, పిల్లల కోసం చేసిందో అయితే ఈ అంకెలు వర్తించవు, లోపలి నియమాల కాగితంలో ఉన్న జాబితానే ప్రమాణం.

స్క్రాబుల్‌ను ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడతారు, అందుకే అక్షరాలు నిలబెట్టుకునే స్టాండ్లు నాలుగు ఉంటాయి. ఒక స్టాండు పోయినా నాలుగో మనిషి పుస్తకం అడ్డం పెట్టుకుని ఆడగలడు, కాబట్టి "2–4 మంది, స్టాండ్లు 3" అని రాస్తే చాలు. కానీ అన్ని ఆటల్లో అలా కుదరదు. లూడో తీసుకోండి. నాలుగు రంగులు, రంగుకు నాలుగు పావులు, మొత్తం 16. ఆకుపచ్చ పావు ఒకటి పోతే మొత్తంలో పోయింది ఒకటే, కానీ ఒక మనిషి ఆట పోయినట్టే. అప్పుడు "పెట్టె మీద 2–4 మంది, ఉన్న పావులతో ఇప్పుడు ముగ్గురు" అని రెండూ రాయాలి. పోయిన పావు బదులు బొత్తామో చింతగింజో పెట్టి ఉంటే అదీ చెప్పండి. చాలామంది దానికి అభ్యంతరం చెప్పరు, చెప్పకుండా పంపితేనే బాధపడతారు. ఆటగాళ్ళ సంఖ్య ఎప్పుడూ పెట్టె మీదో నియమాల కాగితంలోనో ఉన్నదే వేయండి. "మేం ఆరుగురం ఆడేవాళ్ళం" అన్నది మీ ఇంటి ఆచారం, అది కావాలంటే కింద వేరే వాక్యంగా రాయొచ్చు.

ఫోటోల విషయంలో ఒక్కటే అడుగుతాను. స్క్రాబుల్ బిళ్ళల్ని అక్షరాల వరుసలుగా పేర్చి, పగటి వెలుగులో పైనుంచి తీయండి. పజిల్‌కైతే పేర్చిన చట్రాన్ని దుప్పటి మీద ఉండగానే తీయండి, పక్కన నిండిన పళ్ళేలు కనబడేలా. కొనేవాళ్ళు కావాలంటే ఫోటోలోనే అంచు ముక్కలు లెక్కపెట్టుకుంటారు. నిజంగా లెక్కపెట్టుకునేవాళ్ళు ఉన్నారు కూడా.

లెక్క అయ్యాక ముక్కల్ని మళ్ళీ ఊరికే పెట్టెలో పోయకండి. కొరియర్‌లో పెట్టె మూలలు విచ్చుకుని ముక్కలు బయటి కవర్లోకి, అక్కడి నుంచి రోడ్డు మీదికి జారిపోతాయి. అంచు ముక్కలు ఒక జిప్ కవర్లో, లోపలివి వందల చొప్పున విడి కవర్లలో వేసి, ఒక్కో కవరు మీద అంకె రాసి, మూత మీద టేపు వేసి, అప్పుడు పెట్టెలో సర్దండి. అందుకున్నవాళ్ళు ఒకటి తక్కువైందంటే మొత్తం వెయ్యి మళ్ళీ లెక్కపెట్టే పని ఉండదు. ఏ కవర్లో తగ్గిందో దాన్ని ఒక్కదాన్నే విప్పి, ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూ వంద లెక్కపెట్టుకుంటే తేలిపోతుంది.